విదేశాల్లో ఉన్నవాళ్లతో కలిపి ఇంటి క్యాలెండర్ పెట్టుకోవడం ఎలా?

మా అమ్మానాన్నలు రాజమండ్రిలో, తమ్ముడు డల్లాస్‌లో, చెల్లి లండన్‌లో, నేను హైదరాబాద్‌లో ఉంటాం. ఆదివారం కాల్, నాన్న చెకప్‌లు, పిల్లల పరీక్షలు, ప్రయాణాలు అన్నీ ఒకే గూగుల్ క్యాలెండర్‌లో వేసుకుంటాం. బంధువుల్లో ఇంకో ఆరేడు ఇళ్లకు కూడా నేనే పెట్టిచ్చాను. అందరూ తప్పు చేసేది ఒక్కచోటే, టైమ్ జోన్ దగ్గర. మిగతా పని పావుగంటలో అయిపోతుంది.

క్యాలెండర్ తయారుచేయడం

ఈ పని ఫోన్‌లో కాకుండా కంప్యూటర్‌లో చేయండి. calendar.google.com తెరిచి, ఎడమవైపు Other calendars పక్కనున్న ప్లస్ గుర్తు నొక్కి, Create new calendar ఎంచుకోండి. పేరు "మా ఇల్లు" లాగా చిన్నగా ఉంటే చాలు. మీ సొంత క్యాలెండర్‌నే అందరికీ షేర్ చేయకండి, మీ ఆఫీసు మీటింగులన్నీ అమ్మ ఫోన్‌లోకి వచ్చి పడతాయి.

మనుషుల్ని చేర్చడం

క్యాలెండర్ సెట్టింగ్స్‌లో ఒక్కొక్కరి ఈమెయిల్ వేసి అనుమతి ఇవ్వాలి. ఇద్దరికి మాత్రమే Make changes to events ఇవ్వండి, మిగతావాళ్లకు See all event details సరిపోతుంది. పదిమంది చేతులు పెడితే ఎవరు ఏది చెరిపారో తెలియదు. అవతలివాళ్లకు ఒక మెయిల్ వెళ్తుంది. అందులోని లింక్ నొక్కితేనే క్యాలెండర్ వాళ్ల దగ్గర చేరుతుంది. పెద్దవాళ్లు ఆ మెయిల్ చూడరు కాబట్టి ఫోన్ చేసి, లైన్లో ఉండగానే నొక్కించండి.

ఇలా చేర్చినవాళ్లను మళ్లీ ప్రతి కార్యక్రమానికీ గెస్టులుగా ఆహ్వానించాల్సిన పని లేదు. ఆహ్వానం బయటివాళ్లకే పంపండి. గృహప్రవేశానికి పిన్నివాళ్లను పిలవాలనుకోండి, ఆ ఒక్క కార్యక్రమంలో వాళ్ల ఈమెయిల్ చేర్చితే చాలు. ఇంట్లోవాళ్లందరినీ గెస్టులుగా పెడితే మీరు టైమ్ మార్చినప్పుడల్లా మెయిల్ పంపాలా అని అడుగుతుంది, పంపితే అందరి ఇన్‌బాక్సులూ నిండుతాయి.

ఇక టైమ్ జోన్

ఇక్కడ తొందరపడకండి. మా ఇంట్లో జరిగింది చెప్తాను. ఆదివారం కాల్‌ను మొదట తమ్ముడు డల్లాస్ నుంచి వేశాడు. వాళ్ల ఉదయం 9 గంటలకు, ప్రతివారం. వేసవిలో అది మనకు రాత్రి 7:30. నాన్నకు షుగర్ ఉంది, ఎనిమిదింటికల్లా భోంచేయాలి, కాబట్టి అది సరిగ్గా కుదిరింది. నవంబరులో అమెరికాలో గడియారాలు గంట వెనక్కి జరిపారు. తమ్ముడి కార్యక్రమం అతని 9 గంటల దగ్గరే ఉంది, మన దగ్గర మాత్రం 8:30కి జరిగింది. అమ్మ అలవాటు ప్రకారం ఏడున్నరకే ఫోన్ ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. నాన్న భోజనం పక్కన పెట్టి ఎదురుచూశారు. ఎనిమిదింపావుకి అమ్మ నాకు ఫోన్ చేసి, "ఏమ్మా, తమ్ముడికి ఒంట్లో బాగానే ఉందా? ఇంకా ఫోన్ రాలేదేం?" అంది. ఆ గొంతు వినడంతోనే నాకు అసలు తప్పెక్కడుందో అర్థమైంది.

మళ్లీ మళ్లీ వచ్చే ప్రతి కార్యక్రమం ఏదో ఒక ఊరి గడియారానికి కట్టి ఉంటుంది. ఆ ఊళ్లో టైమ్ మారదు, మిగతా ఊళ్లలో మారుతుంది. మన దేశంలో గడియారాలు ఏడాది పొడవునా ఒకేలా ఉంటాయి, అమెరికా, బ్రిటన్లలో ఏడాదికి రెండుసార్లు జరుపుతారు. కాబట్టి మొదట తేల్చుకోవాల్సింది, ఎవరు తమ టైమ్ మార్చుకోలేరు అన్నది. మా ఇంట్లో అది నాన్న. అందుకే కాల్‌ను మన టైమ్‌కి కట్టాం. ఇంటి కాల్స్‌కి ఎప్పుడూ ఇదే పద్ధతి అని నేను కచ్చితంగా చెప్తాను, పెద్దవాళ్ల టైమే స్థిరంగా ఉండాలి. అదే డల్లాస్‌లో మేనల్లుడి పళ్ల డాక్టర్ అపాయింట్‌మెంట్ అయితే డల్లాస్ టైమ్‌కే కట్టాలి.

కట్టడం ఇలా. కొత్త కార్యక్రమం వేసేటప్పుడు More options నొక్కితే పెద్ద పేజీ వస్తుంది. టైమ్ పక్కన Time zone అని ఉంటుంది. అది నొక్కి India Standard Time - Kolkata ఎంచుకుని, ఆ తర్వాతే 7:30 అని వేసి, వారంవారం వచ్చేలా పెట్టండి. మనసులో లెక్కగట్టి డల్లాస్ టైమ్ వేయకండి, లెక్క మీకు సరిగ్గా వచ్చినా సరే. ఆ లెక్క సగం ఏడాదికే పనికొస్తుంది.

సరిగ్గా కట్టారో లేదో ఇప్పుడే చూసుకోవచ్చు. సెట్టింగ్స్‌లో రెండో టైమ్ జోన్ కూడా కనిపించేలా పెట్టి, క్యాలెండర్‌ను గడియారాలు మారే వారానికి తిప్పండి. 2026లో బ్రిటన్‌లో అక్టోబర్ 25న, అమెరికాలో నవంబర్ 1న మారతాయి. మన 7:30 కాల్ అక్టోబర్ 18న లండన్‌లో మధ్యాహ్నం 3, డల్లాస్‌లో ఉదయం 9. అక్టోబర్ 25న లండన్‌లో 2 అవుతుంది, డల్లాస్‌లో ఇంకా 9. నవంబర్ 1 నుంచి డల్లాస్‌లో 8. మన వైపు 7:30 కదలకుండా ఉంటే సరిగ్గా కట్టినట్టే. మధ్యలో వచ్చే ఆ ఒక్క వారం గురించి చెల్లికీ తమ్ముడికీ ముందే చెప్పి ఉంచండి.

ప్రయాణంలో ఉన్నప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. తమ్ముడు డిసెంబరులో సెలవుకి వచ్చి, ఇక్కడ కూర్చుని, డల్లాస్‌లో తిరిగి వెళ్లాక ఉన్న డాక్టర్ అపాయింట్‌మెంట్ "ఉదయం 10" అని ఫోన్‌లో వేశాడు. ఫోన్ మన టైమ్‌లో ఉంది. అక్కడికి వెళ్లాక అది ముందురోజు రాత్రి పదిన్నరకి కనిపించింది. ఊరు మారినప్పుడు వేసేవాటికి టైమ్ జోన్ చేత్తో ఎంచుకోవాల్సిందే. విమాన ప్రయాణాలకైతే అదే చోట బయలుదేరే ఊరికి ఒక టైమ్ జోన్, దిగే ఊరికి ఇంకొకటి విడివిడిగా ఇవ్వొచ్చు. అలాగే ఇవ్వండి, టికెట్ మీద ఉన్న టైమ్‌లు ఉన్నవున్నట్టు వేసుకోవచ్చు.

పేరులో మాత్రం "కాల్ 9AM" అని టైమ్ రాయకండి. క్యాలెండర్ ఎవరి టైమ్‌కి వాళ్లకు మార్చి చూపిస్తుంది కానీ మీరు రాసిన అక్షరాల్ని మార్చదు. అమ్మ ఆ 9 చూసి కంగారుపడుతుంది.

రిమైండర్లు

మీరు పెట్టిన రిమైండర్ మీ ఫోన్‌లోనే మోగుతుంది, అమ్మ ఫోన్‌లో మోగదు. ఎవరి ఫోన్‌లో వాళ్లకు విడిగా పెట్టాలి. ఫోన్ యాప్‌లో సెట్టింగ్స్‌కి వెళ్లి, మీ ఇంటి క్యాలెండర్ పేరు కింద పెట్టండి. కాల్‌కి పదిహేను నిమిషాల ముందు ఒకటి చాలు. రెండు మూడు పెడితే జనం చూడకుండానే తోసేస్తారు. రోజంతా ఉండే పుట్టినరోజుల్లాంటి వాటికి రిమైండర్ వేరేగా ఉంటుంది, అది కూడా పెట్టడం మర్చిపోకండి.

తిథి ప్రకారం వచ్చేవి

తాతయ్య తద్దినాన్ని ఏటా వచ్చేలా పెట్టకండి. తిథి ప్రతి ఏడాదీ వేరే తేదీకి వస్తుంది, డల్లాస్‌లో ఉన్నవాళ్లకు మనకంటే ఒకరోజు తేడా కూడా రావచ్చు. ఉగాదికి కొత్త పంచాంగం వచ్చాక మన ఊరి తేదీ ఒకటి, తమ్ముడి ఊరి తేదీ ఒకటి పురోహితుణ్ని అడిగి, రోజంతా ఉండే కార్యక్రమాలుగా విడివిడిగా వేయండి. పేరులో ఊరు రాయండి, "తాతయ్య తద్దినం, డల్లాస్" అని.