సెంట్రింగ్ ముందే విప్పిన కేసు రాసే ముందు

బెంగళూరు కాలేజీలో మన తెలుగు విద్యార్థుల చర్చకు, స్లాబు సెంట్రింగ్ గడువుకు ముందే విప్పిన ఈ కేసు రాస్తుంటే ముందుగా ఇవి చూసుకోండి.

- స్పాన్ తప్పక రాయండి. కాంక్రీటు కోడ్ ఐఎస్ 456:2000 ప్రకారం స్లాబు స్పాన్ 4.5 మీటర్ల వరకైతే సపోర్టులు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. మన కేసులో స్పాన్ 5 మీటర్లు. పై అంతస్తుకు జాకీలు చాలక తొమ్మిదో రోజే విప్పేశారు. స్పాన్ తెలియకపోతే అది తప్పో కాదో విద్యార్థి తేల్చలేడు.
- సిమెంటు రకం చెప్పండి. ఆ గడువులు ఓపీసీకి ఇచ్చినవి. పీపీసీ మెల్లగా బలపడుతుంది, ఇంకా ఆగాలి.
- స్లాబు కూలినట్టు రాయకండి. కూలితే తప్పెవరిదన్న దగ్గరే చర్చ ఆగిపోతుంది. నిలబడినా తప్పేనా అన్నదే అసలు ప్రశ్న.
- మేస్త్రీని దోషిని చేయకండి. "సార్, జాకీలు అద్దెకు తెప్పిస్తారా, ఇవే విప్పమంటారా?" అని అనంతపురం మేస్త్రీ అడిగాడు. విప్పమన్నది సైట్ ఇంజినీరే.
- నిజమైన సైటు ఆనవాళ్లు తీసేయండి.
- అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు వద్దు. ఇలా అడగండి: ఏడో రోజు క్యూబ్ టెస్ట్ బాగా వస్తే గడువు తగ్గించవచ్చా? ఆ నిర్ణయం ఎవరు తీసుకోవాలి? ప్రాజెక్టు మేనేజర్ ఫోన్లో విప్పమంటే, సైట్ ఇంజినీరు సైట్ రిజిస్టర్‌లో ఏమని రాయాలి?