సర్వేలో మీ బ్రాండ్ పేరు ముందే బయటపెట్టకండి

మీది పచ్చళ్ల బ్రాండ్ అనుకుందాం. జనంలో దాని పట్టు ఎంతో చూడటానికి 100 మందితో గూగుల్ ఫారం చాలు, కిటుకంతా ప్రశ్నల వరుసలోనే. ముందు "పచ్చడి అనగానే గుర్తొచ్చే బ్రాండ్లు రాయండి" అని ఖాళీ గడి ఇవ్వండి. విన్న బ్రాండ్లకు టిక్ పెట్టమనే పేర్ల జాబితా తర్వాతి సెక్షన్‌లో పెట్టండి. ఒకే పేజీలో ఉంటే కిందకి చూసి రాసేస్తారు. అసలు లోకంలోనే లేని బ్రాండ్ పేరొకటి కల్పించి జాబితాలో కలపండి. మీది 40 మంది విన్నామని, ఆ ఉత్తుత్తి పేరునీ 12 మంది విన్నామని అంటే, మీ 40లోనూ ఊరికే పెట్టిన టిక్కులున్నట్టే.

విన్నవాళ్లను మీ పేరుతో తోచే మూడు మాటలు అడగండి. నాణ్యతకు 5లో మార్కులు వేయించండి, పోటీ బ్రాండుకు కూడా. మీ 4 ఒక్కటే ఏమీ చెప్పదు.

"మళ్లీ కొంటారా?" అంటే మొహమాటానికి అవునంటారు. కొన్నవాళ్లనే "షాపులో మాది లేకపోతే వేరేది తీసుకుంటారా, ఇంకో షాపుకెళ్తారా?" అనడగండి.

లింకు మీ కస్టమర్ల వాట్సాప్ గ్రూపులో వేస్తే, వాళ్లకు మీ పేరు ముందే తెలుసు కాబట్టి, ఎంతమందికి గుర్తొచ్చారన్న మొదటి అంకే చెడుతుంది. 100 మందిలో తేడా అటూ ఇటూ 10 మంది దాకా ఉండొచ్చు, కాబట్టి తర్వాతి సర్వేలో 40 నుంచి 46 అయితే పెరిగిందనుకోవద్దు.