పాత్రకు జబ్బు ఇచ్చారు సరే, ఆ జబ్బుకు గడియారం ఇచ్చారా? (కథా రచన, నాలుగో పాఠం)

పోయిన పాఠంలో పాత్రకు ఒక కోరిక ఉండాలని, కథ ఆ కోరిక వెంట నడవాలని చెప్పుకున్నాం. ఈసారి చాలామంది రాతప్రతుల్లో పదేపదే కనిపించే ఒక ఇబ్బంది తీసుకుందాం. పాత్రకు దీర్ఘకాలిక జబ్బు ఉంటుంది, కానీ అది కథకు అవసరమైనప్పుడే వస్తుంది, అవసరం తీరగానే మాయమైపోతుంది.

మీ డ్రాఫ్టులో ఇలా జరిగిందో లేదో తేల్చుకోవడం తేలికే. ప్రింటు తీసి, జబ్బు ప్రస్తావన ఉన్న ప్రతి వాక్యం కింద రంగు పెన్సిల్‌తో గీత గీయండి. గీతలన్నీ మూడు నాలుగు చోట్లే, అంటే డాక్టర్ చెప్పిన రోజు, కుప్పకూలిన రోజు, ఎవరో ఒకరు మనసు మార్చుకున్న రోజు దగ్గరే గుంపుగా కనిపించి, మధ్యలో ఇరవై పేజీలు ఖాళీగా ఉంటే మీరు జబ్బును మీటలా వాడుతున్నట్టే. జబ్బుతో బతికే మనిషికి అలాంటి ఖాళీ పేజీలు ఉండవు. బాగున్న రోజున కూడా, రేపు ఎలా ఉంటుందో అన్న లెక్క లోపల నడుస్తూనే ఉంటుంది.

ఈ పాఠానికి ఒకే జబ్బు తీసుకుని దాని లోపలికి వెళ్దాం: రుమటాయిడ్ ఆర్థరైటిస్. కథల్లో దీన్ని ముసలితనంలో వచ్చే మోకాళ్ళ నొప్పులతో కలిపేస్తుంటారు, అది వేరు, ఇది వేరు. ఇందులో శరీరాన్ని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే కీళ్ళ లోపలి పొర మీద దాడి చేస్తుంది, పొర వాస్తుంది, కీలు బిగుసుకుంటుంది. ఏ వయసులోనైనా రావచ్చు, ఎక్కువగా 30 నుంచి 60 ఏళ్ళ మధ్య మొదలవుతుంది, మగవాళ్ళకంటే ఆడవాళ్ళకు రెండు మూడు రెట్లు ఎక్కువ. సాధారణంగా వేళ్ళు, మణికట్లు, పాదాల్లోని చిన్న కీళ్ళను పట్టుకుంటుంది, అదీ ఎక్కువగా రెండు వైపులా ఒకేలా. ఇదంతా ఏ డాక్టరైనా చెప్తారు. రచయితకు పనికొచ్చేది దీని తర్వాత ఉంది, అదే ఈ జబ్బు నడిచే వేళ.

పొద్దున లేవగానే కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. పది నిమిషాల్లో సర్దుకునే బిగుతు కాదు, గంట, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసేపు ఉంటుంది. గోరువెచ్చని నీళ్ళలో చేతులు పెడితే, మెల్లగా కదిలిస్తూ ఉంటే వదులవుతుంది. మధ్యాహ్నానికి ఆ మనిషే పెన్ను పట్టుకుని రాయగలుగుతుంది, సాయంత్రం నవ్వుతూ తిరుగుతుంది, ఆ తర్వాత అలసట ఒక్కసారిగా మీద పడుతుంది. ఇది రోజు సంగతి. వారానికి ఇంకో లెక్క ఉంది. ఈ జబ్బుకు ఎక్కువగా ఇచ్చే మందు మెథోట్రెక్సేట్, దీన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. కథలో మీ పాత్ర దాన్ని రోజూ పొద్దున్నే మింగిందంటే, తెలిసిన పాఠకుడు అక్కడే పుస్తకం మూసేస్తాడు. వేసుకున్న మర్నాడు కొందరికి వికారంగా, నీరసంగా ఉంటుంది. మందు గుణం కనిపించడానికి వారాలు, చాలామందికి రెండు మూడు నెలలు పడుతుంది, కాబట్టి ఈ అధ్యాయంలో మొదలుపెట్టి వచ్చే అధ్యాయంలో పరుగెత్తించడం కుదరదు. జబ్బు ఏళ్ళ తరబడి నెమ్మదించి ఉండొచ్చు కానీ పూర్తిగా పోయిందని చెప్పలేం. మధ్యలో ఎప్పుడో కారణం తెలియకుండానే వారం పాటు విజృంభించొచ్చు కూడా.

ఇప్పుడు ఒక సీన్. సునందకు నలభై ఏళ్ళు, తమ్ముడు రఘు. తల్లిదండ్రుల ఇల్లు అమ్మకం మీద ఇద్దరికీ గొడవ. తన వాటా తనకు సరిగ్గా రావాలన్నది సునంద కోరిక. మొదటి డ్రాఫ్టు ఇలా ఉందనుకుందాం:

"కీళ్ళవాతంతో కుమిలిపోతున్న సునంద వణికే వేళ్ళతో పెన్ను అందుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెన్ను జారి కింద పడింది. వంకర తిరిగిన ఆ వేళ్ళను చూసి రఘు గుండె కరిగిపోయింది. 'వద్దులే అక్కా, ఇల్లు నువ్వే ఉంచుకో' అన్నాడు."

చదివితే కన్నీళ్ళు రావచ్చు. కానీ ఇందులో సునంద చేసిన పనేమిటో చూడండి. ఏమీ లేదు. గొడవను తేల్చింది ఆమె వేళ్ళు, మారింది రఘు మనసు, ఆమె అక్కడ ఒక దృశ్యంలా కూర్చుని ఉంది. పైగా రెండో అధ్యాయంలో పొద్దున్నే లేచి బిగుతైన సీసా మూత చటుక్కున తిప్పిన మనిషి ఈమే, అప్పుడు ఏ ఇబ్బందీ లేదు.

తిరగరాసే ముందు కాగితం మీద ఆమె గడియారం గీసుకుందాం. మందు శనివారం రాత్రి వేసుకుంటుంది, ఎందుకంటే మర్నాడు సెలవు కాబట్టి నీరసంగా ఉన్నా గడిచిపోతుంది. తమ్ముడికి కూడా ఆదివారమే తీరిక. అంటే అతను వచ్చేది వారంలో ఆమెకు అన్నిటికంటే కష్టమైన పొద్దున. ఇందులో ఎవరి దుర్మార్గమూ లేదు, రెండు లెక్కలు ఒకే రోజు మీద పడ్డాయంతే. ఇక తిరగరాసిన సీన్:

"బెల్ మోగేసరికి ఏడున్నర. గడియను అరచేతి మడమతో పక్కకు నెట్టి, మోచేత్తో తలుపు లాగింది సునంద. రఘు కాగితాలు బల్ల మీద పెట్టి, పైన పెన్ను పెట్టాడు. 'సంతకం పెట్టేస్తే పోతుందక్కా, పది నిమిషాల పని.'

వేణ్ణీళ్ళ గ్లాసు చుట్టూ రెండు చేతులూ చుట్టి కూర్చుంది. గ్లాసు పక్కన చిన్న గిన్నెలో రాత్రే షీటులోంచి తీసిపెట్టుకున్న రెండు మాత్రలు ఉన్నాయి. 'పది దాటాక అయితే రాయగలను.'

'నిన్న సాయంత్రం ఫోన్లో పేజీలకు పేజీలు మెసేజులు కొట్టావు. ఇప్పుడు పేరు రాయలేవా?'

'నిన్న సాయంత్రం రాయగలిగాను. ఇప్పుడు రాయలేను.' చేతి అంచుతో కాగితాలు ఒక్కొక్కటే జరిపింది. 'పది దాటాక కూడా వీటి మీద రాయను రఘూ. నాలుగో పేజీలో వెనక గది మొత్తం నీ వాటాలో వేశారు. అది మార్పించుకుని రా, వేళ్ళ సంగతి నేను చూసుకుంటాను.'"

ఇందులో నొప్పి అన్న మాట ఎక్కడా లేదు, గమనించారా? గడియ ఎలా తీసిందో చూపిస్తే చాలు, చదివేవాళ్ళకు చేతులు ఎలా ఉన్నాయో అర్థమైపోతుంది. ఆ మాత్రల గిన్నె దగ్గర కాసేపు ఆగుదాం. అవి శనివారం రాత్రి వేసుకునే మందు కాదు, పొద్దున వేసుకునే వేరే మాత్రలు. మాత్రల షీటును బొటనవేలితో నొక్కి మాత్ర బయటికి తీయడం బిగుసుకున్న వేళ్ళకు నిజంగా కష్టమైన పని, అందుకే వేళ్ళు చెప్పిన మాట వినే రాత్రివేళే తీసిపెట్టుకుంది. ఈ ఒక్క వివరంతో ఆమె ఈ జబ్బుతో చాలాకాలంగా బతుకుతోందని, తన పద్ధతులు తను కనిపెట్టుకుందని తెలుస్తుంది. ఇలాంటివి ఒక సీనుకు ఒకటి రెండు చాలు. పది పేర్చితే అది కథ కాకుండా డాక్టర్ ఇచ్చిన కరపత్రం అవుతుంది.

రఘు అనుమానం కూడా జబ్బు స్వభావంలోంచే వచ్చింది. నిన్న చేయగలిగి ఇవాళ చేయలేకపోవడం అనేది చూసేవాళ్ళకు నటనలా కనిపిస్తుంది, ఇలాంటి జబ్బులున్నవాళ్ళు ఎక్కువగా ఎదుర్కొనే మాట అదే. అతన్ని విలన్ చేయక్కర్లేదు. తనకు తెలిసినంతలో అతను అడిగింది న్యాయమైన ప్రశ్నే, దాన్ని అలాగే ఉండనివ్వండి. సునంద కూడా జవాబుగా జబ్బు మీద ఉపన్యాసం ఇవ్వదు, రెండు చిన్న వాక్యాలు అని అసలు విషయానికి వస్తుంది. ఏడ్చి వివరించే సునంద కంటే ఈమె నాకు నిజమైన మనిషిలా అనిపిస్తుంది.

ఇలా రాసుకున్న సీనుకు రెండు పరీక్షలు పెట్టండి. మొదటిది: రాత్రికి రాత్రి ఆమె జబ్బు మాయమైందనుకోండి, గొడవ మిగులుతుందా? మిగులుతుంది, ఎందుకంటే నాలుగో పేజీ అలాగే ఉంది, ఆమె సంతకం పెట్టదు. మొదటి డ్రాఫ్టులో జబ్బు తీసేస్తే సీనే కూలిపోతుంది. రెండోది దీనికి తిరగేసినది: జబ్బు ప్రస్తావనలన్నీ కొట్టేసి చదివితే, ఆమె చేసే ప్రతి పనీ ఏ మార్పూ లేకుండా అలాగే సాగిపోతోందా? సాగిపోతే జబ్బు ఇంకా కథలోకి రాలేదు, పరిచయ వాక్యంలో ఒక విశేషణంగా మాత్రమే ఉంది. మన సీన్‌లో గడియ, గ్లాసు, కాగితాలు జరిపిన తీరు, పది దాటాక అన్న మాట, అన్నీ మార్చుకోవాల్సి వస్తుంది. గొడవ జబ్బు మీద ఆధారపడకూడదు, గొడవ పడే తీరు మాత్రం ఆధారపడాలి. ఈ రెండింటి మధ్య తేడా పట్టుకోవడమే కష్టం, మొదటి రెండు మూడు సార్లు తప్పుతుంది, టెన్షన్ పడకండి.

ఒక హెచ్చరిక. ఈ గడియారం ఈ జబ్బుదే, మూర్ఛకు ఇది సరిపోదు. అక్కడ ఫిట్ వచ్చే నిమిషం కంటే ఆ తర్వాత కాసేపు ఉండే అయోమయం, మళ్ళీ ఎప్పుడొస్తుందో అన్న లెక్క, బండి నడపొచ్చా లేదా అన్న ప్రశ్న ముఖ్యం. పుట్టుకతోనే చూపు లేని మనిషికి అసలు గడియారమే ఉండదు, అది అతనికి రోజూ ఉండే ప్రపంచం, పొద్దున లేచి దాని గురించి విచారించడు. అలాంటి పాత్రకు వేళలు కాకుండా దారులు రాసుకోవాలి: ఏ శబ్దాన్ని బట్టి గది తెలుస్తుంది, వస్తువు ఎవరో జరిపితే ఏమవుతుంది, ఇలా.

ఈ వారం అభ్యాసం. మీ పాత్ర జబ్బుకు ఒక రోజు గడియారం, ఒక వారం గడియారం ఒకే పేజీలో రాయండి. ఆ జబ్బుతో బతుకుతున్నవాళ్ళు ఎవరైనా మాట్లాడటానికి ఒప్పుకుంటే, "ఎలా భరిస్తున్నారు" అని అడగొద్దు, ఆ ప్రశ్నకు వాళ్ళు ఎప్పుడూ చెప్పే జవాబే వస్తుంది. "లేవగానే మొదట ఏం చేస్తారు", "ఏ పని ముందురోజే చేసి పెట్టుకుంటారు", "ఎవరైనా ఇంటికొస్తే దేన్ని దాస్తారు" అని అడగండి. కథలో వాడుకోవచ్చా అని కూడా విడిగా అడగండి, వద్దంటే వదిలేయండి. తర్వాత జబ్బుతో సంబంధం లేదని మీరు అనుకున్న ఒక పాత సీన్ తీసుకుని, అది ఏ రోజు, ఎన్ని గంటలకు జరుగుతోందో అంచున రాసి, ఆ వేళకు ఆ శరీరం ఎలా ఉంటుందో చూసుకుని తిరగరాయండి. సంభాషణల్లో జబ్బు పేరు రానివ్వొద్దు. రెండు పరీక్షలూ పెట్టి, ఏది ఫెయిలైందో కింద రాసుకోండి. వచ్చే పాఠంలో రఘు వైపు నుంచి, అంటే పక్కనుండి చూసే పాత్ర నోట ఇదే సీన్ చెప్పిస్తాం కాబట్టి ఆ కాగితాలు దాచి ఉంచండి.