గ్రాంటు బడ్జెట్ రాసే ముందు: మనుషుల లెక్క తేల్చుకోండి

పరిశీలకులు బడ్జెట్ పట్టికను ఒంటరిగా చదవరు. పరిశోధన పద్ధతి రాసిన పేజీని పక్కన పెట్టుకుని చూస్తారు. అక్కడ 60 మంది, ఇక్కడ 65 మంది అని ఉంటే ముందు ఆ తేడా మీదే ప్రశ్న పడుతుంది. అందుకే ధరల జోలికి వెళ్లకముందే ఎంతమందిని కలుస్తారో ఖాయం చేసుకోండి.

హైదరాబాద్ నుంచి పోచంపల్లి వెళ్లి చేనేత కార్మికుల చేతి పట్టు బలాన్ని కొలిచే అధ్యయనం ఉందనుకుందాం. అసలు అధ్యయనానికి 60 మంది, ముందస్తు పరీక్షకు 5 మంది, మొత్తం 65. ఆ అయిదుగురిని మర్చిపోవడం చాలా మామూలు పొరపాటు. వాళ్ల సమయానికీ డబ్బివ్వాలి, వాళ్ల కోసమూ ప్రయాణం చేయాలి.

రోజుకు 10 మందిని కొలవగలిగితే 65 మందికి 7 రోజులు పడతాయి. అనుమతుల కోసం ముందుగా వెళ్లేది ఒకటి కలిపితే 8 ప్రయాణాలు. కొలిచేవారు, రాసుకునేవారు ఇద్దరు; మనిషికి రానూపోనూ బస్సు, ఆటో కలిపి 240 రూపాయలనుకుంటే 8 × 2 × 240 = 3,840. ‘ప్రయాణం: 4,000’ అని గుండుగుత్తగా రాయకుండా ఈ గుణకారాన్నే రాయండి. షేర్ ఆటోకు బిల్లు ఉండదు కాబట్టి స్వీయ ధ్రువీకరణ చెల్లుతుందో లేదో అకౌంట్స్ విభాగాన్ని ముందే అడగండి.

పరికరం విషయంలో ‘నాణ్యమైనది’ అన్న మాట సమర్థన కాదు. చేతి పట్టు బలాన్ని కిలోల్లో కొలవడానికి డైనమోమీటర్ కావాలి, విభాగంలో అది లేదు, లేదా ఉన్నది ఆ నెలల్లో ఖాళీగా ఉండదు. ఇంతవరకు చెబితే చాలు. కొటేషన్‌లో జీఎస్టీ, రవాణా, క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ ఖర్చు ఉన్నాయో లేదో చూడండి. ఇవి తర్వాత బయటపడితే ఆ లోటు ప్రయాణం డబ్బుల్లోంచి పూడ్చాల్సి వస్తుంది. పని అయ్యాక పరికరం ఎవరి దగ్గర ఉంటుందో కూడా ఒక వాక్యంలో చెప్పండి.

అన్నిటికన్నా నిదానంగా రాయాల్సింది పాల్గొన్నవారికిచ్చే డబ్బు. ముప్పావుగంట మగ్గం ఆగినందుకు తలా 200 అంటే 65 × 200 = 13,000. ఈ 200 ఎలా వచ్చిందో స్థానిక రోజు కూలితో పోల్చి చూపించండి. మరీ ఎక్కువైతే డబ్బు కోసమే ఒప్పుకున్నారన్న అభ్యంతరాన్ని ఎథిక్స్ కమిటీ లేవనెత్తుతుంది. సమ్మతి పత్రంలోనూ ఇదే మొత్తం ఉండాలి. మధ్యలో మానేసినవారికి ఎంత ఇస్తారో రెండుచోట్లా ఒకేలా రాయండి.

చెల్లింపు రసీదుపై పేరు, సంతకం లేదా వేలిముద్ర ఉంటాయి. యూపీఐలో పంపితే స్టేట్‌మెంట్‌లోనూ పేరు పడుతుంది. కొలతల పట్టికలో మాత్రం కోడ్ సంఖ్యలే ఉండాలి. రసీదులను విడిగా తాళం వేసి ఉంచుతామని, అకౌంట్స్‌కు, ఆడిట్‌కు తప్ప ఎవరికీ చూపించబోమని సమ్మతి పత్రంలోనే చెప్పండి. పేర్లు బయటకు రావని మాటిచ్చాక, ఆడిట్ సమయంలో అవే పేర్లు అడిగితే చిక్కులో పడేది ఆ కార్మికులే.