ఎత్తు-పల్లం, 4వ పాఠం: ఏది నేల, ఏది కాదు?

ఒక ప్రాంతంలో అత్యంత ఎత్తైన చోటు, అత్యంత పల్లమైన చోటు వెతకమని పోయినసారి ఇచ్చిన అభ్యాసంలో చాలామందికి ఒకటే తప్పు జవాబు వచ్చింది. ఎత్తుల ఫైలు తెరిచి కనిష్ఠ విలువ చూసి, అత్యంత పల్లమైన చోటు -32768 మీటర్లు అని రాసి పంపారు. అది లోతు కాదు. రాడార్‌కు కొలత అందని గడిలో, అంటే ఖాళీ గడిలో, పెట్టే గుర్తు మాత్రమే. ఆ సంగతి మీ సాఫ్ట్‌వేర్‌కు చెప్పకపోతే దాన్నీ అంకెగానే తీసుకుంటుంది. అసలు ఇది పోయిన పాఠంలోనే చెప్పాల్సింది, తప్పు నాదే. ఫైలు చేతికి రాగానే ముందు ఇది నడపండి:

```
gdal_translate -a_nodata -32768 in.tif out.tif
```

ఇంకొందరు ఈ మెట్టు దాటి గరిష్ఠ విలువ సరిగ్గానే తీశారు, కానీ ఆ గడినే శిఖరం అనుకున్నారు. మనం వాడింది ఎస్‌ఆర్‌టీఎం ఫైలు, అంటే అంతరిక్ష నౌక మీది రాడార్‌తో నేల ఎత్తులు కొలిచి చేసినది. అందులో ఒక్కో గడి సుమారు 30 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆ గడి మొత్తానికీ ఒకే అంకె. మొనదేలిన కొండ కొస అందులో కలిసిపోయి తక్కువగా కనిపిస్తుంది. అడవి ఉన్నచోట రాడార్ నేల దాకా పోదు, చెట్ల పైభాగాల దగ్గరే చాలావరకు ఆగిపోతుంది కాబట్టి ఎత్తు ఎక్కువగా వస్తుంది. అందుకే నేను గరిష్ఠ గడి ఒక్కటే ఎప్పుడూ తీసుకోను. దానికి 20 మీటర్ల లోపు తక్కువ ఉన్న గడులన్నీ ఏరి, అవన్నీ పోటీలో ఉన్నట్టే లెక్కేస్తాను.

ఇప్పుడు అసలు చిక్కు. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే ఒకే ప్రాంతంలోని అత్యంత ఎత్తైన చోటుకు రెండు పుస్తకాల్లో రెండు పేర్లు కనబడగానే "ఎవరో తప్పు కొలిచారు" అనేస్తారు. చాలాసార్లు కొలతలు రెండూ సరైనవే. తేడా అంతా దేన్ని కొలిచారన్న దాంట్లో ఉంటుంది.

డెన్మార్క్ ప్రధాన భూభాగం చూడండి. 19వ శతాబ్దం మధ్యదాకా అక్కడ అన్నిటికంటే ఎత్తు హిమ్మెల్‌బ్యెర్గెట్ అనుకునేవారు. ఆ పేరుకు అర్థమే ఆకాశ పర్వతం. సరస్సు ఒడ్డునుంచి నిటారుగా లేస్తుంది కాబట్టి కంటికి పెద్దగా అనిపిస్తుంది. కొలిస్తే 147 మీటర్లే. ఆ తర్వాత పోటీ మూడు గుట్టల మధ్యకు వచ్చింది. యీడింగ్ స్కోవ్‌హోయ్ 172.54 మీటర్లు, మొల్లెహోయ్ 170.86, ఐయర్ బావ్నెహోయ్ 170.35. ఈ అంకెలు చూస్తే యీడింగ్‌దే గెలుపు. కానీ దాని నెత్తిన పాతకాలపు సమాధి దిబ్బ ఉంది, మనుషులు మట్టి పోసి కట్టింది. ఆ దిబ్బ తీసేసి సహజమైన నేలనే కొలిస్తే 170.77 మీటర్లు. అంటే మొల్లెహోయ్ 9 సెంటీమీటర్లు ఎక్కువ. 2005లో కొత్తగా కొలిచాకే దానికి మొదటి స్థానం దక్కింది.

మొల్లెహోయ్ దగ్గర చెప్పుకోదగ్గ కట్టడమేదీ లేదు. గడ్డి నేలలో ఒక తిరగలి రాయి గుర్తుగా ఉంటుంది, అంతే. 300 మీటర్ల లోపు దూరంలోనే ఐయర్ మీద పెద్ద గోపురం ఉంది. చూసేవాళ్లు ఎటు పోతారో వేరే చెప్పాలా?

ఇక్కడ మీ ఫైలు ఎంతవరకు పనికొస్తుందో ఆలోచించండి. అందులో ఎత్తులు పూర్తి మీటర్లలోనే ఉంటాయి, పోటీ తేడా 9 సెంటీమీటర్లు. పైగా యీడింగ్ అడవిలో ఉంది, ఆ పేరులోని స్కోవ్ అంటేనే అడవి. పోటీలో ఎవరున్నారో ఫైలు చెప్పగలదు, గెలిచిందెవరో చెప్పలేదు. అది నేలమీదికి వెళ్లి కొలిస్తేనే తేలుతుంది.

పల్లానికొస్తే ఇదే ప్రశ్న తిరగబడుతుంది. డెన్మార్క్‌లో అత్యంత పల్లమైన చోటు లామ్మెఫ్యోర్డ్, సముద్రమట్టానికి సుమారు 7 మీటర్లు దిగువన. అది ఒకప్పుడు సముద్రపు పాయ అడుగు. కట్ట వేసి, నీళ్లు తోడి పొలాలుగా మార్చారు. మనుషులు పోసిన మట్టిని లెక్కలోంచి తీసేసినవాళ్లు మనుషులు నీళ్లు తోడిన నేలను ఎలా ఒప్పుకుంటారు? నా పద్ధతి ఇది: మట్టి సహజంగా ఉన్నచోటే ఉంటే ఒప్పుకుంటాను, పోసినా తవ్వినా ఒప్పుకోను. అందుకే లామ్మెఫ్యోర్డ్ ఉంటుంది, గనుల గుంతలు ఉండవు. మీరు ఇంకో నియమం పెట్టుకోవచ్చు. కానీ ఎత్తుకీ పల్లానికీ అదే వాడండి, అంకె పక్కన రాయండి.

మృత సముద్రం లాంటి చోట్ల అంకెతో పాటు సంవత్సరం కూడా కావాలి. దాని నీటిమట్టం ఏటా మీటరు చొప్పున పడిపోతోంది కాబట్టి, పదేళ్ల కిందటి అంకె అప్పటికి నిజమే, ఇప్పటికి కాదు.

అభ్యాసం ఒక్కటే, కానీ కష్టమైనది. అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో అత్యంత ఎత్తైన చోటు ఫ్రిస్సెల్ కొండ దక్షిణపు వాలు మీద ఉంది, సుమారు 725 మీటర్లు. ఆ కొండ శిఖరం మాత్రం సరిహద్దు దాటి మసాచుసెట్స్‌లో పడుతుంది. కనెక్టికట్ లోపలే శిఖరం ఉన్న కొండల్లో పెద్దది బేర్ మౌంటెన్, సుమారు 706 మీటర్లు. రెండు పేర్లూ మీకు పుస్తకాల్లో దొరుకుతాయి. ఎస్‌ఆర్‌టీఎం ఫైలును రాష్ట్ర సరిహద్దుతో కత్తిరించి గరిష్ఠ గడి తీయండి. తర్వాత సరిహద్దు గీతను 30 మీటర్లు ఉత్తరానికి జరిపి ఒకసారి, అసలు చోటునుంచి 30 మీటర్లు దక్షిణానికి జరిపి ఇంకోసారి తీయండి. జవాబు ఎన్ని మీటర్లు మారిందో, ఎందుకు మారిందో రాసి పంపండి.