ఎముక కోడి, బోన్‌లెస్ ధరలను ఒకటిన్నరతో పోల్చండి

చిత్తూరులో కోడిమాంసం కొనేటప్పుడు బోన్‌లెస్ ఖరీదెక్కువని చాలామంది వెంటనే పక్కన పెడతారు గాని, కిలో ధరను కాక తినగలిగే కండ ధరను చూడాలి. తోలు తీసి కొట్టించిన కిలో బ్రాయిలర్ ముక్కల్లో సుమారు మూడోవంతు ఎముకే ఉంటుంది కాబట్టి, ఎముకతో ఉన్న మాంసం ధరను ఒకటిన్నరతో హెచ్చించి, వచ్చిన మొత్తాన్ని బోన్‌లెస్ ధరతో పోల్చండి. కిలో 240 రూపాయలనుకుంటే కండ ధర దాదాపు 360 అవుతుంది. అప్పుడు బోన్‌లెస్ 400 ఉన్నా, నిజమైన తేడా 160 కాదు, 40 రూపాయలే. మెడ, వీపు ముక్కలు ఎక్కువగా పడితే ఆ తేడా ఇంకా తగ్గుతుంది.

అయినా రాగి సంగటిలోకి పులుసు చేసేటప్పుడు నేను ఎముక ముక్కలనే తీసుకుంటాను. సన్నని సెగపై 25 నుంచి 30 నిమిషాలు ఉడికేలోగా కీళ్ల దగ్గరి జిగురు పులుసులోకి దిగి, దానికి చిక్కదనాన్నీ రుచినీ ఇస్తుంది. తొడ ముక్కలో కండ ఎముక కొసనుంచి వెనక్కి జరిగి, గుచ్చితే ఎర్రని నీరు రాకపోతే అది ఉడికినట్టే.

వేపుడుకు మాత్రం బోన్‌లెస్ మేలు. చిన్న ముక్కలు 10 నిమిషాల్లో ఉడుకుతాయి. రొమ్ము కండైతే అంతకు మించి పొయ్యిమీద ఉంచితే పీచులా ఎండిపోతుంది.