న్యూయార్క్‌లో కారు ఆపే ముందు బోర్డు చదవండి

అమ్మానాన్నలను మాన్‌హాటన్‌లోని హోటల్ దగ్గర దింపాలి, డిక్కీలో నాలుగు సూట్‌కేసులు ఉన్నాయి అనుకుందాం. బండి ఆపే ముందు చూసుకోవాల్సినవి ఇవి.

☐ బోర్డు మీద ఏ మాట ఉంది? నో పార్కింగ్ అంటే బండి అక్కడ ఉంచేయకూడదు. మనుషులను దింపవచ్చు, సామానూ దించవచ్చు, కానీ వెంటనే కదలాలి. నో స్టాండింగ్ అయితే మనుషులు ఎక్కడం, దిగడం వరకే. సామాను దించడానికి ఆగకూడదు, కాబట్టి నాలుగు సూట్‌కేసులతో అక్కడికి వెళ్లకపోవడమే మంచిది.

☐ నో స్టాపింగ్ ఉంటే అమ్మను దింపడానికి కూడా ఆగకూడదు. మనవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే: "ఇంజిన్ ఆన్‌లోనే ఉంది, నేను సీట్లోనే ఉన్నాను, ఒక్క నిమిషమే కదా!" ఈ మూడూ పనికిరావు. పోలీసు ఆపమన్నా, సిగ్నల్ పడినా, ముందు బండిని గుద్దకుండా ఆగినా తప్పు కాదు. న్యూయార్క్ నగరంలో నో స్టాపింగ్ జరిమానా 115 డాలర్లు.

☐ రోజులు, గంటలు, బాణం గుర్తు చూడండి. బాణం వైపున్న రోడ్డు అంచుకే ఆ నియమం. ఒకే స్తంభానికి రెండు బోర్డులుంటే, ఆ వేళకు వర్తించేవాటిలో కఠినమైనదే పాటించాలి.

☐ ముందే మ్యాప్‌లో పక్క వీధి ఒకటి చూసి పెట్టుకోండి. బోర్డు కనబడ్డాక వెతుక్కుంటే టెన్షనే.